రోజూ నడుస్తున్నా స్మార్ట్ వాచీలో వారం వ్యాయామ నిమిషాలు పెరగట్లేదా?

ముందు పట్టీ చూడండి. మణికట్టు ఎముక మీద గాజులా జారుతుంటే అది చూపించే గుండె వేగాన్ని నమ్మలేం. ఎముకకు ఒక వేలు పైన, కదలకుండా బిగించండి. కొందరికి ఇక్కడితోనే సరిపోతుంది.

పట్టీ బాగానే ఉందా? అయితే మా చిన్నాన్న సంగతి వినండి. వయసు 58. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున వారానికి ఆరు రోజులు, రోజుకి 45 నిమిషాలు గట్టిగా నడుస్తారు. వాచీ మాత్రం వారం మొత్తానికి 19 నిమిషాలే చూపించింది. "ఏటి బాబూ, నాది నడకే కాదంటాదా ఇది?" అన్నారు. వాచీ పాడైందనుకుని కొట్లో మార్పించాను. కొత్తదీ అదే పాట.

చివరికి నడక మధ్యలో ఆపి, చెయ్యి పట్టుకుని 30 సెకన్లు నాడి లెక్కపెట్టాను. 56 వచ్చింది, అంటే నిమిషానికి 112. వాచీలోనూ 112 ఉంది! కొలత సరైనదే, తప్పు జోన్లలో, అంటే గుండె వేగాన్ని బట్టి వాచీ శ్రమను విడగొట్టే మెట్లలో ఉందన్నమాట. ప్రొఫైల్ తెరిస్తే పుట్టిన సంవత్సరం మా తమ్ముడిది. వాడి ఫోన్‌లో, వాడి అకౌంట్‌తోనే వాచీ కలిపారు. వాడికి 29.

చాలా వాచీలు గరిష్ఠ గుండె వేగాన్ని 220 లోంచి వయసు తీసేసి లెక్కగడతాయి. అందులో సుమారు 64 శాతం నుంచి మధ్యస్థ జోన్, 77 నుంచి తీవ్ర జోన్. వాచీని బట్టి ఈ శాతాలు కొంచెం మారతాయి. 29 ఏళ్లకి గరిష్ఠం 191, మధ్యస్థం 122 దగ్గర మొదలు. 58కి గరిష్ఠం 162, మొదలు 104. చిన్నాన్న 112 దగ్గర నడుస్తుంటే, తమ్ముడి లెక్కలో అది షికారే. పుట్టిన తేదీ దిద్దాక మరుసటి వారం 228 నిమిషాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ. పాత వారాల అంకెలు మాత్రం మా వాచీలో మారలేదు.

220 సూత్రం కూడా సగటు లెక్కే, మనిషిని బట్టి పది పైచిలుకు తేడా ఉండొచ్చు. అనుమానముంటే నడుస్తూ మాట్లాడి చూడండి. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం.

బీపీకి మెటోప్రొలాల్ లాంటి బిళ్లలు వేసుకునేవాళ్లకి గుండె వేగమే తక్కువగా ఉంటుంది. వాళ్లు జోన్లు వదిలేసి ఈ మాటల పరీక్షే చూసుకోవాలి, బిళ్లలు మానకూడదు. పచ్చబొట్టు, చలికి చేతులు చల్లబడటం లాంటివి అరుదు, వాటి వెనక పడకండి.

నిమిషాలు మరీ ఎక్కువొస్తున్నాయంటే, కొన్ని వాచీలు తీవ్ర జోన్‌లో ఒక నిమిషాన్ని రెండుగా రాస్తాయి. దాన్ని మీరు మళ్లీ రెట్టింపు చేసి లెక్కపెట్టకండి.