మీటింగుల్లో తోటివారిని చులకన చేసిన ఉద్యోగికి మెమో ఇచ్చేముందు జాగ్రత్తలు

ఆ మీటింగులో ఉన్నవారిలో ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, విన్న మాటలు అదే రోజు రాసిపెట్టుకోండి. వారం దాటితే మాటలు చెరిగిపోయి ‘ఆయనెప్పుడూ ఇంతే’ అన్న అభిప్రాయమే మిగులుతుంది.

మెమోలో ‘అహంకారి’, ‘పొగరు’ లాంటి మాట ఒక్కటీ ఉండకూడదు. అలాంటిది ఉంటే గొడవంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, జరిగింది పక్కకు పోతుంది. ఇలా రాయండి: ‘మార్చి 4న ఉదయం 10 గంటల రివ్యూలో సహోద్యోగి లెక్కలు వివరిస్తుండగా మీరు రెండుసార్లు ఆపి, “ఇది స్కూలు పిల్లలైనా చేస్తారు” అన్నారు. ఆమె మిగతా 4 స్లయిడ్లు చూపకుండానే కూర్చున్నారు.’ ‘కావాలనే అన్నారు’ అని ఉద్దేశం అంటగట్టకండి. లెక్కలో తప్పు చూపడం ఆయన పనే, దాన్ని మెమోలోకి లాగకండి.

ఇంతకుముందు నోటితో హెచ్చరించి ఉంటే ఆ తేదీ వేయండి. లేకపోతే ‘పలుమార్లు చెప్పాం’ అనే అలవాటు వాక్యం కొట్టేయండి.

హెచ్చరిక ఖాయం చేసేముందు ఆయన సంజాయిషీ రాతలో తీసుకుని, నిజంగా చదవండి. మెమో మీద ఆయన సంతకం ‘అందుకున్నాను’ అన్నదానికే. ఒప్పుకున్నట్టు కాదని పక్కనే రాయండి.