రష్యన్ సొంతంగా – 14వ పాఠం: 'తో' పెట్టే తంటా

పోయినసారి అభ్యాసంలో 'కత్తితో రొట్టె కోస్తున్నాను' అన్న వాక్యం ఇచ్చాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా 'యా రేజు ఖ్లేబ్ స్ నోజోమ్' అనే ఉంది. అందుకే ఈసారి కొత్త పాఠం కొంచెమే, ఆ 'స్' సంగతే ఎక్కువ.

తృతీయా విభక్తి ప్రత్యయాలు మీకు వచ్చు: పుంలింగానికి 'ఓమ్', స్త్రీలింగానికి 'ఓయ్'. రష్యన్ మాటల్ని స్పెల్లింగ్ ప్రకారం రాస్తున్నాను. ఒత్తు పడని 'ఓ' పలికేటప్పుడు 'అ' అవుతుందని మర్చిపోకండి.

తప్పంతా ఇంగ్లిష్ 'విత్'ది. మన 'తో' కూడా దానికి తోడైంది. కత్తితో కోశాను, అన్నతో వెళ్ళాను: రెండింటికీ ఒకటే 'తో'. రష్యన్ వీటిని విడదీస్తుంది. పనిముట్టయితే ప్రత్యయం ఒక్కటే చాలు: రేజు నోజోమ్, పిషూ రూచ్కోయ్ (పెన్నుతో రాస్తున్నాను). తోడుగా ఉన్నదైతే ముందు 'స్' రావాలి: స్ బ్రాతోమ్ (అన్నతో). 'స్ నోజోమ్' అంటే కత్తి పట్టుకుని ఉన్నట్టే గానీ, దానితో కోసినట్టు కాదు.

నేను వాడే చిట్కా చెబుతాను. 'తో' తీసేసి 'వాడి' పెట్టి చూడండి. 'కత్తి వాడి కోశాను' కుదిరింది, కాబట్టి 'స్' వద్దు. 'అన్నను వాడి సినిమాకెళ్ళాను' అంటే అన్న ఊరుకోడు, కాబట్టి 'స్' కావాలి. టీలో చక్కెర కూడా టీకి తోడే: చాయ్ స్ సాహరోమ్. 'స్ ఉదొవోల్‌స్త్వియెమ్' (సంతోషంగా) లాంటివి ఈ చిట్కాకు లొంగవు, వాటిని అలాగే కంఠస్థం చేయండి.

ఇంగ్లిష్ 'బై' దగ్గర పని చేసినవాడు ఉంటే ఇదే విభక్తి: పిస్మో నపీసానో బ్రాతోమ్, ఉత్తరం అన్న చేత రాయబడింది. కానీ ఇంగ్లిష్‌లో అదే 'బై' ఉన్నా, 'టాల్‌స్టాయ్ నవల' అనడానికి షష్ఠి, 'కిటికీ పక్కన' అనడానికి ఉ ఒక్నా. రైల్లో వెళ్ళడానికి 'పోయెజ్దోమ్' తప్పు కాదు, నేనైతే మాటల్లో 'నా పోయెజ్దే' అంటాను.

'యాజ్'కి మాత్రం ఇంగ్లిష్ వదిలేసి తెలుగు 'గా' పట్టుకోండి. డాక్టర్‌గా పనిచేస్తాడు: ఓన్ రబోతాయెత్ వ్రాచోమ్. ఇక్కడ 'కాక్ వ్రాచ్' అంటే 'డాక్టర్‌లా' పనిచేస్తున్నాడని, అసలు డాక్టరో కాదో తెలియదు. 'అతను డాక్టర్' అని వర్తమానంలో చెప్పేటప్పుడు ప్రథమే: ఓన్ వ్రాచ్. 'డాక్టర్‌గా ఉండేవాడు' అన్నప్పుడు మళ్ళీ వ్రాచోమ్: ఓన్ బిల్ వ్రాచోమ్.

అభ్యాసం ఒకే వాక్యం: 'అన్న స్టూడెంట్‌గా ఉన్నప్పుడు పెన్సిల్‌తో రాసేవాడు, స్నేహితుడితో కలిసి పాలు పోసిన టీ తాగేవాడు.' ఇందులో 'స్' రెండుసార్లే రావాలి. మూడోది కనిపిస్తే పెన్సిల్ దగ్గర వెతకండి.