అద్దె పెంపు నోటీసును మర్యాదగా, స్పష్టంగా రాయడం ఎలా?

హైదరాబాదులో మూడు నాలుగు పోర్షన్లున్న ఇళ్ళలో అద్దె పెంపు కబురు సాధారణంగా ఇలా వస్తుంది: “అందరికీ తెలియజేయునది. వచ్చే నెల నుంచి అద్దె 16,000. మెయింటెనెన్స్ వేరే. ఒకటో తేదీ లోపల కట్టాలి. ఇష్టం లేనివాళ్ళు ఖాళీ చేసుకోవచ్చు. ఇట్లు, ఓనర్.” ఇలాంటి వాటిని తిరగరాసి ఇవ్వమని ఇంటి యజమానులు తరచుగా అడుగుతుంటారు. అందరూ కోరేది “కొంచెం మెత్తగా” రాయమని మాత్రమే. కానీ ఈ నోటీసులో లోపం గొంతులో కంటే ముందు లెక్కలో ఉంది.

కావలసినవి మూడే: ఇద్దరూ సంతకాలు చేసిన అగ్రిమెంటు, చివరి నెల అద్దె రసీదు, ఒక తెల్ల కాగితం. అగ్రిమెంటు చేతిలో లేకుండా నోటీసు రాయడానికి కూర్చోకూడదు.

మొదట అగ్రిమెంటులో రెండు వాక్యాలు వెతకాలి: గడువు ఎప్పుడు ముగుస్తుందో చెప్పేది ఒకటి, పెంపు ఎంతో చెప్పేది మరొకటి. పై నోటీసు వెనుక ఉన్న అగ్రిమెంటు 2025 జూలై 1న మొదలై, మన దగ్గర అలవాటైన పదకొండు నెలల లెక్కన 2026 మే 31తో ముగుస్తుందనుకుందాం. అద్దె 14,000 రూపాయలు. పొడిగిస్తే పది శాతం పెంచుకోవచ్చని అందులో రాసుకున్నారు. పది శాతమంటే 1,400, కాబట్టి కొత్త అద్దె 15,400. నోటీసులో అడిగిన 16,000 పద్నాలుగు శాతం దాటిపోయింది. ఎన్ని “గారు”లు చేర్చినా, ఎన్ని “దయచేసి”లు పెట్టినా ఆ 600 రూపాయలు న్యాయమైపోవు. అంతకంటే ఎక్కువ కావాలనుకుంటే అది అద్దెదారుతో ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి, నోటీసులో ప్రకటించవలసినది కాదు. అలాగే, అగ్రిమెంటు గడువు నడుస్తుండగా, మధ్యలో పెంచుకోవచ్చన్న షరతు లేనప్పుడు, “వచ్చే నెల నుంచి” అనడానికి ఆధారమే లేదు.

తర్వాత తేదీ. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, అద్దె మార్పును మూడు నెలల ముందే రాతపూర్వకంగా చెప్పాలంటుంది. రాష్ట్రం దానిని తన చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. అయినా కొలతగా పెట్టుకోవడానికి అంతకంటే మంచిది లేదు. జూన్ 1 నుంచి పెంచదలిస్తే ఫిబ్రవరి నెలాఖరుకు కాగితం అద్దెదారు చేతిలో ఉండాలి. పిల్లలున్న కుటుంబానికి ఇల్లు మారడమంటే బడి మారడం కూడా కావచ్చు. మే నెలలో చెబితే వాళ్ళకు ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

కారణం ఒక్కటి చాలు, అది నిజమైతే. నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు పెరిగిందనో, పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించామనో రాయవచ్చు. “పెరుగుతున్న ధరల దృష్ట్యా” అన్న మాటను మాత్రం నేను ఎవరి నోటీసులో కనిపించినా కొట్టివేస్తాను. ఆ ధరలు అద్దెదారుకూ పెరిగాయి.

ఇక అందరూ తడబడే చోటు ఆఖరి వాక్యం, అంటే “ఇష్టం లేనివాళ్ళు ఖాళీ చేసుకోవచ్చు.” దీనిని ఏం చేయాలన్నది నిదానంగా చూడాలి. చాలామంది దీనిని తీసివేసి ఊరుకుంటారు. అప్పుడు నోటీసు మర్యాదగా కనిపిస్తుంది కానీ, ఒప్పుకోకపోతే ఏమవుతుందో అద్దెదారుకు తెలియదు. ఆయన మౌనంగా ఉంటాడు, యజమాని ఆ మౌనాన్ని అంగీకారమనుకుంటాడు, జూన్ మొదటి వారంలో పాత అద్దే వస్తుంది, తగవు మొదలవుతుంది. కొందరు దీనిని చట్టపు భాషలోకి మార్చి, “లేనియెడల తగు చర్యలు తీసుకొనబడును” అని రాస్తారు. ఇది అసలు దానికంటే హీనం, ఎందుకంటే ఏ చర్యో రాసినవారికే తెలియదు.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ ఒక్క వాక్యం రెండు వేర్వేరు పనులను కలిపేస్తుంది. అద్దె పెంపు తెలియజేయడం ఒక పని. ఇల్లు ఖాళీ చేయమని కోరడం మరొకటి. రెండవదానికి అగ్రిమెంటులోని ముందస్తు గడువు వేరుగా ఉంటుంది. నెలవారీ అద్దె ఒప్పందాన్ని, వేరే షరతు లేనప్పుడు, ముగించడానికి ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ పదిహేను రోజుల నోటీసు కోరుతుంది. రెంటినీ ఒకే కాగితంలో కుక్కితే అది పెంపు నోటీసో ఖాళీ నోటీసో తేలదు, రేపు తగవు వస్తే అది యజమానికే ఇబ్బంది. అందువల్ల బెదిరింపు ఉన్న చోట మూడు సమాచారాలు పెట్టాలి: జవాబు ఏ తేదీ లోపల చెప్పాలి, అప్పటిదాకా ఏ అద్దె నడుస్తుంది, మారదలిస్తే అడ్వాన్సు ఎప్పుడు తిరిగి వస్తుంది. మూడవదానిని దాదాపు ఎవరూ రాయరు, కానీ అద్దెదారు మొదట వెతికేది దానినే.

మర్యాద మితిమీరకుండా చూసుకోవడం కూడా ఇక్కడే. “వీలైతే పెంచగలరు”, “ఏమీ అనుకోవద్దు” వంటి మాటలు రాస్తే అంకె బేరానికి పెట్టినట్టు అవుతుంది. తగ్గించే ఉద్దేశం ఉంటేనే మాట్లాడుకుందామని రాయాలి. లేకపోతే సందేహాలుంటే అడగమని రాస్తే సరిపోతుంది.

తిరగరాసిన నోటీసు ఇలా ఉంటుంది:

“తేదీ: 2026 ఫిబ్రవరి 28. మొదటి అంతస్తు పోర్షన్‌లో ఉంటున్న శ్రీ ... గారికి, నమస్కారం. మన అద్దె అగ్రిమెంటు 2026 మే 31తో ముగుస్తుంది. మీరు కొనసాగదలిస్తే, అందులో రాసుకున్న పది శాతం పెంపు ప్రకారం జూన్ 1 నుంచి అద్దె నెలకు 14,000 రూపాయలకు బదులు 15,400 రూపాయలు అవుతుంది. ఈ ఏడాది పైకప్పుకు చేయించిన వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు వల్ల పెంపు అవసరమైంది. మెయింటెనెన్స్ 1,000 రూపాయలు, అడ్వాన్సు 28,000 రూపాయలు ఇప్పుడున్నట్టే ఉంటాయి. మే 31 వరకు పాత అద్దే వర్తిస్తుంది. మీ నిర్ణయాన్ని ఏప్రిల్ 15 లోపల తెలియజేయమని కోరుతున్నాను. ఇల్లు మారదలిస్తే, అగ్రిమెంటు ప్రకారం బకాయిలేవైనా ఉంటే మినహాయించుకుని, తాళాలు అప్పగించిన రోజునే అడ్వాన్సు తిరిగి ఇస్తాను. సందేహాలుంటే సాయంత్రం వేళ ఇంటికి రండి లేదా ఫోను చేయండి. ఇట్లు, ...”

పాత అద్దె, కొత్త అద్దె ఒకే వాక్యంలో పక్కపక్కన ఉండడం గమనించండి. మారని వాటిని కూడా పేర్కొనడం వల్ల “మెయింటెనెన్స్ వేరే” అన్న పాత సందిగ్ధం పోయింది.

దీనిని అద్దెదారులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఒక్కొక్కరి అద్దె, గడువు వేరు. పైగా ఒకరి అంకె మరొకరికి తెలియవలసిన అవసరం లేదు. రెండు ప్రతులు తీసి ఇంటికి వెళ్ళి ఇవ్వాలి, ఒకదానిపై “అందినది” అని తేదీతో సంతకం తీసుకోవాలి. ఆ సంతకం కాగితం అందినందుకే గానీ పెంపునకు ఒప్పుకున్నట్టు కాదని అక్కడే నోటితో చెప్పి, అద్దెదారు ఒప్పుకున్నాక కొత్త అంకెతో అగ్రిమెంటు మళ్ళీ రాసుకోవాలి.