బ్యాంకుకు ప్రొజెక్షన్లు ఇచ్చేముందు: మెషినరీ, తరుగుదల జాగ్రత్తలు

గుంటూరులో కారప్పొడి యూనిట్ పెడుతున్నారనుకుందాం. గ్రైండర్ లైను ధర 20 లక్షలు, దానిపై జీఎస్టీ 3.6 లక్షలు. రవాణా, పునాది, బిగింపు కలిపి మరో 2 లక్షలు. ఎక్సెల్ తెరిచేముందు ఇవి చూసుకోండి.

☐ జీఎస్టీ క్రెడిట్ తీసుకునేట్టయితే ఆ 3.6 లక్షలను ఆస్తి విలువలో కలపకూడదు. క్రెడిట్, ఆ జీఎస్టీ మీద తరుగుదల రెండూ తీసుకుంటామంటే చట్టం ఒప్పుకోదు. తరుగుదల లెక్క 22 లక్షల మీదే. కానీ డబ్బు మాత్రం ముందే చేతినుంచి పోతుంది, కాబట్టి క్యాష్‌ఫ్లోలో చూపాల్సిందే. కారప్పొడి మీద జీఎస్టీ 5 శాతమే గనుక ఆ క్రెడిట్ కరగడానికి చాలా నెలలు పడుతుంది. మిషన్ల క్రెడిట్‌కు రిఫండూ రాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

☐ మిషను వాడకంలోకి వచ్చే తేదీ రాయండి, బిల్లు తేదీ కాదు. ఆదాయపు పన్ను లెక్కలో మెషినరీకి 15 శాతం. కానీ ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. అంటే మామూలుగా అక్టోబరు 3 దాటితే 3.30 లక్షలు కాస్తా 1.65 లక్షలవుతుంది. కరెంటు కనెక్షన్ ఆలస్యమై నవంబరుకు జారడం మన దగ్గర మామూలే. అలా సగమే వస్తే రెండో ఏడాది 20.35 లక్షల మీద లెక్కకట్టాలి.

☐ స్థలానికి తరుగుదల లేదు. షెడ్డు విలువ విడిగా రాయండి.

☐ మిషను నడవకముందు దాని లోన్‌పై పడిన వడ్డీ ఆస్తి ఖరీదులోకే వెళ్తుంది, లాభనష్టాల్లోకి కాదు.

☐ క్యాష్‌ఫ్లోలో తరుగుదలను లాభానికి తిరిగి కలిపారా? లోన్‌లో అసలు కింద కట్టే వాయిదాలు తీసేశారా?