నవలను విడమరిచి చదవడం – 5వ పాఠం: ఉపకథ అద్దమా, అడ్డమా?

కిందటి పాఠంలో ప్రధాన కథను ఒకే వాక్యంలోకి తేవడం సాధన చేశాము. ఎవరు, ఏం చేశారు, దానికి ఏ మూల్యం చెల్లించారు అన్న మూడు సంగతులూ ఆ వాక్యంలో ఉండాలనీ, పాత్రల పేర్లు మాత్రం ఉండకూడదనీ చెప్పుకున్నాము. పేర్లు ఎందుకు వద్దన్నామో ఈ పాఠంలో తెలుస్తుంది, ఎందుకంటే ఇప్పుడు అదే వాక్యాన్ని ఉపకథకు కూడా తొడిగి చూడబోతున్నాము.

ఉపకథ అన్న ఊహ మనకు కొత్తది కాదు. నాటకాల గురించిన సంస్కృత గ్రంథం, ధనంజయుని దశరూపకం ప్రధానమైన కథను ఆధికారికమనీ, దానికి తోడుగా నడిచేదాన్ని ప్రాసంగికమనీ విడదీసి, ప్రాసంగికంలో చాలా దూరం సాగేదాన్ని పతాక అనీ, కాసేపు కనిపించి పోయేదాన్ని ప్రకరి అనీ పిలిచింది. పతాకకు అందరూ చెప్పే ఉదాహరణ సుగ్రీవుని కథ. రాజ్యమూ భార్యా దూరమై అడవిలో తిరుగుతున్న రాముడికి, రాజ్యమూ భార్యా దూరమై కొండమీద తలదాచుకున్న సుగ్రీవుడు ఎదురుపడతాడు, ఇది అద్దం. ఆ సుగ్రీవుడికి ఇచ్చిన మాట కోసమే రాముడు చాటునుండి వాలిని కొట్టవలసి వస్తుంది, దాని న్యాయాన్యాయాల గురించి వాలి స్వయంగా నిలదీస్తాడు, మనమూ నేటివరకు తర్కించుకుంటూనే ఉన్నాము, ఇది అడ్డం. రెండు పనులనూ ఒకే ఉపకథ చేసిందని గమనించాలి. కొత్తగా విశ్లేషణకు కూర్చున్నవారు ఉపకథలను ‘ప్రతిబింబించేవి’, ‘చిక్కుపెట్టేవి’ అని రెండు రకాలుగా విభజించి ఊరుకుంటారు. అవి రకాలు కావు, ఒకే ఉపకథను అడగవలసిన రెండు ప్రశ్నలు.

నవలలో దీన్ని చూడడానికి టాల్‌స్టాయ్ రాసిన ‘అన్నా కరేనినా’ను తీసుకుందాము. 1875 నుండి 1877 వరకు ఒక రష్యన్ పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలలో లేవిన్, కిట్టీల కథ గురించి విమర్శకులు ఎక్కువగా మాట్లాడతారు. అయితే అది దాదాపు రెండో ప్రధాన కథ అనదగినంత పెద్దది కనుక మొదటి సాధనకు పనికిరాదు. నవల ఏ ఇంట్లో మొదలవుతుందో ఆ ఇంటి కథ, అంటే నవల నాయిక అన్నా కరేనినాకు సోదరుడైన స్తీవా, అతని భార్య డాలీల కథ చాలు. నాయికను ఇకమీదట అన్న అనే పిలుద్దాము. స్తీవాకు ఒకప్పుడు తమ ఇంట్లో పిల్లలకు చదువు చెప్పిన ఫ్రెంచి యువతితో సంబంధం ఉందని డాలీకి తెలిసిపోతుంది, ఇల్లు అతలాకుతలమవుతుంది, భార్యాభర్తలను కలపడానికి అన్న పీటర్స్‌బర్గ్ నుండి మాస్కో వస్తుంది.

ముందు ప్రధాన కథకు, అంటే అన్న కథకు, వాక్యం రాద్దాము: ‘పెళ్లయిన ఒక మనిషి మరొకరితో సంబంధం పెట్టుకుని, అది బయటపడ్డాక, బిడ్డనూ పరువునూ చివరకు ప్రాణాన్నీ పోగొట్టుకోవలసి వచ్చింది.’ ఇప్పుడు ఉపకథ వాక్యం: ‘పెళ్లయిన ఒక మనిషి మరొకరితో సంబంధం పెట్టుకుని, అది బయటపడ్డాక, ఏమీ పోగొట్టుకోవలసిన అవసరం రాలేదు.’ రెంటిలోనూ మొదటి సగం అక్షరం పొల్లుపోకుండా ఒకటే, మారింది మూల్యం ఒక్కటే. ఉపకథ అద్దంగా పనిచేస్తోందనడానికి ఇదే గుర్తు. పోలిక ఎంత దగ్గరగా ఉంటే, తేడా వచ్చిన చోటు అంత స్పష్టంగా కనిపిస్తుంది, విశ్లేషకుడు కలం పెట్టవలసిందీ ఆ చోటే.

అమలాపురంలో మా పాఠకులు కూడుకున్నప్పుడు ఈ రెండు వాక్యాలనూ బల్లమీద రాయగానే, రాజోలు వైపునుండి వచ్చే ఒక ఉపాధ్యాయిని లేచి, “అయితే మాస్టారూ, మగవాడికో న్యాయం, ఆడదానికో న్యాయం అని చెప్పడానికేనంటారా అండి ఆ కథ పెట్టింది?” అని అడిగారు. “అది నిజమేనమ్మా, కానీ అంతమాత్రానికి మొదటి నాలుగు అధ్యాయాలూ సరిపోతాయి కదండీ. ఆ సంసారం నవల పొడుగునా ఎందుకు నడిచింది?” అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “మనం స్తీవానే చూస్తున్నామండి, డాలీని వదిలేశాం” అన్నారు. సరిగ్గా అదే సంగతి. అన్నకు ఎదురుగా స్తీవా నిలిచినట్టే, అన్న భర్త కరేనిన్‌కు ఎదురుగా డాలీ నిలుస్తుంది, ఎందుకంటే వీరిద్దరూ మోసపోయినవారు. ఒక ఉపకథలో ప్రధాన కథకు అద్దం పట్టే పాత్ర ఒక్కటే ఉండాలన్న నియమమేదీ లేదు, కాబట్టి వాక్యం రాసిన తరువాత అందులోని ప్రతి స్థానంలోనూ ఎవరున్నారో వెతకాలి.

ఇక రెండో ప్రశ్న. ఉపకథ ప్రధాన కథను ఎక్కడ తాకుతోంది, తాకినప్పుడు ఏం మారుతోంది? మన డెల్టా పాఠకులు చాలామంది ఉపకథను పెద్ద కాలువనుండి చేలోకి తీసిన బోదెలాగా ఊహించుకుంటారు. అది నీరు తీసుకుంటుందే తప్ప కాలువకు తిరిగి ఇవ్వదు. ఈ నవల ఆ ఊహకు లొంగదు. అన్న రైలెక్కింది స్తీవా సంసారం చక్కదిద్దడానికి. తరువాత తాను ప్రేమించబోయే సైనికాధికారి వ్రాన్‌స్కీని ఆమె చూసింది ఆ ప్రయాణం చివర మాస్కో స్టేషనులో. డాలీ చెల్లెలు కిట్టీ వ్రాన్‌స్కీ తనను పెళ్లాడతాడని ఆశపడుతున్న రోజులవి, ఆ ఆశ అణగిపోయింది అన్న వెళ్లిన నాట్యసభలో. ఒక అక్క కాపురం నిలబెట్టడానికి వచ్చిన మనిషి వల్లనే ఆమె చెల్లెలి ఆశ కూలిందన్నమాట. ఉపకథను తీసేస్తే ప్రధాన కథ మొదలుకావడానికే దారి ఉండదు.

ఇలా కథలు కలిసే సన్నివేశాలన్నిటినీ పుస్తకం అంచున గుర్తుపెట్టుకుంటూ పోతే, నాలుగో భాగంలో స్తీవా ఇంటి విందు దగ్గర ఆగవలసి వస్తుంది. అన్నను వదిలించుకోవాలని నిశ్చయించుకున్న కరేనిన్‌ను డాలీ పక్కకు పిలిచి బతిమాలుతుంది. తానూ ఇలాగే మోసపోయాననీ, అప్పుడు అన్న వచ్చి తనను కాపాడిందనీ, తాను క్షమించాననీ, తన భర్త తప్పు తెలుసుకుని బాగుపడుతున్నాడనీ, అందువల్ల ఆయన కూడా క్షమించాలనీ చెబుతుంది. కరేనిన్ ఒప్పుకోడు. అద్దం అన్న ప్రశ్న ఒక్కటే అడిగేవారు ఇక్కడ ‘ఒకరు క్షమించారు, ఒకరు క్షమించలేదు’ అని రాసుకుని ముందుకు సాగిపోతారు. కానీ అయిదు అధ్యాయాలు వెనక్కి తిప్పితే, అదే స్తీవా నాట్యశాలలో ఒక నర్తకికి పగడాల హారం బహుమతిగా ఇస్తూ కనిపిస్తాడు. డాలీ చెప్పిన బాగుపడడం జరగనేలేదని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అందువల్ల క్షమించడమే మందు అని ప్రధాన కథకు ఉపకథ ఇచ్చిన సలహా పైకి ఎంత మంచిదిగా కనిపించినా, దానికి ఆధారమైన ఉదాహరణే డొల్ల. కరేనిన్‌ది కేవలం కాఠిన్యమని తేల్చేయడానికి వీలులేకుండా రచయిత ఆ హారాన్ని ముందే అక్కడ పెట్టాడు. చిక్కుపెట్టడమంటే కొత్త ఆటంకం తెచ్చి పడేయడమే కాదు, పాఠకుడికి అందబోతున్న తేలికపాటి తీర్పును చెడగొట్టడం కూడా చిక్కే.

ఈ ఉపకథ అత్యంత లోతుగా పనిచేసేది ఆరో భాగంలో, డాలీ పల్లెలో ఉన్న అన్న, వ్రాన్‌స్కీల ఇంటికి బండిలో వెళ్లినప్పుడు. ఇంట్లో పిల్లల గొడవతో ఆలోచనకే తీరికలేని డాలీకి ఆ దారిలో తన బతుకంతా గుర్తుకొస్తుంది. అందరూ అన్నను ఎందుకు తప్పుపడుతున్నారు, తాను అంతకన్నా గొప్పదా అనుకుంటుంది. ఆనాడు అన్న మాట విని భర్తతో ఉండిపోవడం మంచిదేనా, వదిలేసి కొత్త జీవితం మొదలుపెట్టవలసింది కాదా అని కూడా అనుకుంటుంది. తానింకా అందంగా ఉన్నానో లేదో చూసుకోవాలనిపించి, సంచిలో ఉన్న చిన్న అద్దం తీయబోయి, ముందు కూర్చున్న బండివాడి వీపూ గుమాస్తా వీపూ చూసి, వాళ్లెవరైనా వెనక్కి తిరిగితే సిగ్గుపడవలసి వస్తుందని మానుకుంటుంది. ప్రధాన కథను తనకు అద్దంగా పట్టుకుని చూసుకుంటున్నది ఇక్కడ ఉపకథే.

ఆ ఇంటికి చేరాక రచయిత తీర్పు చెప్పడు, వస్తువులను చూపిస్తాడు. ఇంట్లో ఉన్నప్పుడు పొదుపుకు గుర్తుగా డాలీ గర్వపడిన అతుకుల రాత్రి చొక్కా, అక్కడి నాజూకు పనిమనిషి ముందు తీయాలంటే సిగ్గుగా మారుతుంది. తనకు ఇక పిల్లలు పుట్టరని, అది తానే ఎంచుకున్నానని అన్న చెప్పినప్పుడు, దారిలో తన కాన్పుల బరువును తలచుకుని నిట్టూర్చిన డాలీయే నిర్ఘాంతపోతుంది. ఆ ఇంట్లో ఉండాలా వద్దా అన్న తర్జనభర్జన ఆమెకు తెగిపోయి, మర్నాడే బయలుదేరుతుంది. తిరుగు దారిలో బండివాడు, అంత డబ్బుండీ గుర్రాలకు మూడు కొలతల దాణాయే పెట్టారని సణుగుతాడు, తనకక్కడ ఎందుకో ఉత్సాహం కలగలేదని కూడా అంటాడు. ఇంత చూసిన డాలీ అన్నను ఖండిస్తుందని మనం అనుకుంటాము. ఇల్లు చేరాక ఆమె వాళ్ల ఆదరణనూ వైభవాన్నీ మెచ్చుకుంటుంది, వాళ్లను ఎవరేమన్నా ఊరుకోదు. ఉపకథ నడిపించే మనిషికే తీర్పు తేలకపోతే, ప్రధాన కథ మీద మనం తీర్పు తొందరగా చెప్పేయలేము.

ఒక హెచ్చరిక. పోలికలు వెతకడం అలవాటైతే లేనిచోట కూడా కనిపిస్తాయి. ‘రెండు కథలూ ప్రేమ గురించే’ అన్న వాక్యం ఏ రెండు కథలకైనా అతుకుతుంది కనుక అది పరిశీలన కాదు. అద్దం అని రాసే ముందు పుస్తకంలో ఒక ఆనవాలు చూపించగలగాలి: మళ్లీ వచ్చిన పరిస్థితి కావచ్చు, వస్తువు కావచ్చు, డాలీలాగా తనను ఇంకొకరితో స్వయంగా పోల్చుకున్న పాత్ర కావచ్చు. ఆనవాలు దొరకకపోతే ఆ పోలిక మీది, నవలది కాదు.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన సాధన ఇది. కోనసీమలో ఒక ఇంటి పెద్దకొడుకు ఇంట్లో చెప్పకుండా తాత ఇచ్చిన వరిచేను తవ్వించి రొయ్యల చెరువు వేయిస్తాడనుకోండి. ఇది ప్రధాన కథ. పక్క చేను కౌలుకు చేసే రైతు, ఉప్పునీరు ఊరి నేల చౌడుబారుతున్న సంగతిని భూమి యజమానికి చెప్పకుండా దాచి, ఇంకో ఏడాది కౌలు రాయించుకుంటాడు, ఇది ఉపకథ. రెండు కథలకూ పేర్లు లేని వాక్యాలు రాసి, మొదటి సగం ఎంతవరకు కలిసిందో, మూల్యంలో ఏం మారిందో గుర్తించండి. తరువాత ఈ రెండు కథలూ తాకే సన్నివేశం ఒకటి కల్పించండి. ఆ కౌలు రైతు కొడుక్కి చెరువు వేయించినవాడి చెల్లెలినిచ్చే మాట నడుస్తున్నదనుకోవచ్చు, లేదా మీకు తోచిన మరొక దారి ఎంచుకోవచ్చు. షరతు ఒక్కటే: ఆ సన్నివేశం ముగిసేసరికి, అంతవరకు తప్పంతా చెరువు వేయించినవాడిదేనని నమ్ముతున్న పాఠకుడు ఆ మాట అంత గట్టిగా అనలేని స్థితికి రావాలి.