కాల్ బ్యాక్‌స్ప్రెడ్: ధర పెరిగినా నష్టం ఎందుకొస్తోంది?

సమస్య: ధర పెరుగుతుందనుకున్నారు, పెరిగింది. అయినా పొజిషన్ నష్టంలో ఉంది, ఆ నష్టం రోజురోజుకీ పెరుగుతోంది.

కాల్ బ్యాక్‌స్ప్రెడ్ అంటే ఒక కాల్ అమ్మి, అంతకంటే పై స్ట్రైక్ కాల్స్ రెండు కొనడం. ఒక ఉదాహరణ చూద్దాం. షేరు ధర 100, ఎక్స్‌పైరీకి 45 రోజులుంది. 100 స్ట్రైక్ కాల్ ఒకటి 4కి అమ్మి, 105 స్ట్రైక్ కాల్స్ రెండు 1.90 చొప్పున కొన్నారు. చేతికి 0.20 మిగిలింది. ఎక్స్‌పైరీ నాడు ధర 100 దాటకపోతే ఆ 0.20 మీదే. 109.80 దాటితే ధర పెరిగినంతా లాభమే, దానికి పైహద్దు లేదు. ఇబ్బందంతా ఈ రెండింటి మధ్యే.

కారణం: ఇందులో రెండు పొజిషన్లు కలిసి ఉన్నాయి. 100 అమ్మి 105 కొన్న బేర్ కాల్ స్ప్రెడ్ ఒకటి, విడిగా కొన్న 105 కాల్ ఇంకొకటి. ఎక్స్‌పైరీ నాడు ధర సరిగ్గా 105 దగ్గర ఆగితే స్ప్రెడ్‌లో 5 పోతుంది, విడి కాల్ సున్నా అవుతుంది. వచ్చిన 0.20 తీసేస్తే నష్టం 4.80. గరిష్ఠ నష్టం ఇదే, అదీ కొన్న స్ట్రైక్ దగ్గరే.

అయితే ఇది ఒక్కరోజులో వచ్చే నష్టం కాదు. వొలటిలిటీ, అంటే ధర ఎంత ఊగుతుందన్న మార్కెట్ అంచనా, మారలేదనుకుని లెక్క వేస్తే, మొదటి రోజే ధర 105కి వస్తే సుమారు 1.20 లాభంలో ఉంటారు. సగం గడువు అయ్యాక అదే 105 దగ్గర లాభనష్టాలు దాదాపు సమానం. అయిదు రోజులు మిగిలేసరికి నష్టం 2.20 దాటుతుంది. మిగతాదంతా ఆ చివరి రోజుల్లోనే పోతుంది. ధర ఎక్కడుందో చూసి తేదీ చూడకపోవడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

పరిష్కారం: సగం గడువు దాటాక ధర ఇంకా 100–110 మధ్యే తిరుగుతుంటే బయటికి వచ్చేయండి. అమ్మిన కాల్‌ను ముందు కొని, తర్వాతే మీ రెండు కాల్స్ అమ్మండి. వరస తిరగేస్తే కాసేపైనా రక్షణ లేని షార్ట్ కాల్ చేతిలో ఉంటుంది. పెద్ద ర్యాలీ మీద నమ్మకం ఇంకా ఉంటే తర్వాతి ఎక్స్‌పైరీలో అప్పటి ధర దగ్గర కొత్తగా కట్టుకోవడం మేలు. పాతదాన్నే పట్టుకుని కూర్చుంటే 105 నుంచి 109.80 దాకా ధర ఎగబాకినా మీకు మిగిలేది సున్నా.

సమస్య: కంపెనీ ఫలితాలొచ్చాయి, ధర కాస్త పెరిగింది, గడువు చాలా ఉంది. అయినా నష్టమే.

కారణం: ఫలితాల ముందు ఉబ్బిన ఇంప్లైడ్ వొలటిలిటీ ఒక్కసారిగా పడిపోయింది. కొన్న కాల్స్ రెండు, అమ్మింది ఒకటి కాబట్టి దెబ్బ మీ వైపే ఎక్కువ. ఒక్క రాత్రిలో కొన్ని వారాల గడువు కరిగిపోయినట్టే.

పరిష్కారం: వొలటిలిటీ తక్కువగా ఉన్నప్పుడే ఈ పొజిషన్ కట్టాలి. ఫలితాల ముందురోజు ప్రీమియంలు మండిపోతుంటే వదిలేయండి.