జూలియా సెట్ బొమ్మ సరిగా రాకపోతే

సంకీర్ణ తలంలో ఒక బిందువు z తీసుకుని, వర్గం చేసి స్థిరాంకం c కలపడం, వచ్చిన దానికి మళ్లీ అదే చేయడం: లెక్క ఇంతే. ఎన్నిసార్లు చేసినా హద్దు దాటని బిందువులకు నలుపు వేస్తాం. |c| విలువ 2 మించకపోతే, |z| ఒక్కసారి 2 దాటిన బిందువు ఇక వెనక్కి రాదు. కాబట్టి z వాస్తవ, కల్పిత భాగాలను x, y అనుకుని x²+y² విలువ 4 దాటిందేమో చూస్తే చాలు, వర్గమూలంతో పనిలేదు.

బొమ్మ వంకరగా వస్తోంది

ముందు c = 0 పెట్టి చూడండి. 1 వ్యాసార్థంతో నిండు వృత్తం రావాలి. రాలేదంటే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది: కొత్త xని పాత x మీదే రాసేసి, ఆ కొత్త విలువతోనే y లెక్కగట్టడం. 0.9iతో మొదలుపెడితే అసలు లెక్కలో −0.81, 0.6561, అలా సున్నా వైపు తగ్గుతూ పోవాలి. తప్పు కోడ్‌లో మొదటి అడుగుకే y −1.458 అవుతుంది, రెండో అడుగులో 4 దాటేస్తుంది. కొత్త xని పక్కన దాచుకుంటే సరి:

```
xn = x*x - y*y + a
y = 2*x*y + b
x = xn
```

ఇక్కడ a, b అంటే c వాస్తవ, కల్పిత భాగాలు.

ఉండకూడని చోట నలుపు ముద్ద

c = 0.2501 పెట్టి 100 అడుగుల దగ్గర ఆపితే మధ్యలో పెద్ద నల్లని ఆకారం కనిపిస్తుంది. అది నిజం కాదు. సున్నాతో మొదలైన బిందువు 0.5 దగ్గరికి వచ్చి, అక్కడి ఇరుకు దారిలో చాలా నెమ్మదిగా కదులుతుంది. ఆ దారి దాటడానికి పట్టే అడుగులు సుమారు π/√(c − 0.25). ఇక్కడ 300కు పైనే. c = 0.26 అయితే 30 దాకా చాలు. పరిమితిని 1000కి పెంచితే ముద్ద దాదాపు అంతా పోతుంది.

ఏది నిజమో తేల్చుకోవడానికి 1918–19 ప్రాంతంలో ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్తలు ఫాటూ, జూలియా ఇచ్చిన ఫలితం ఉంది. సున్నా నుంచి మొదలైన వరస హద్దులో ఉంటే సెట్ అంతా ఒకే ముక్క. హద్దు దాటితే అది విడివిడి చుక్కల ధూళి, అందులో నిండు ప్రాంతం ఉండదు. అందుకే బొమ్మ గీసే ముందు సున్నా ఒక్కదాన్నీ పెద్ద పరిమితితో నడిపి చూడటం మంచిది.

తెర ఖాళీగా ఉంది

c = iకి కోడ్ సరిగ్గా ఉన్నా ఇలాగే అవుతుంది. సున్నా నుంచి i, −1+i, −i, మళ్లీ −1+i వస్తాయి. వరస హద్దులోనే తిరుగుతోంది, సెట్ ఒకే ముక్క. కానీ అది సన్నని కొమ్మల్లాంటి గీతలే, లోపల వైశాల్యం లేదు. మీ పిక్సెల్ కేంద్రాలు ఆ గీతల మీద దాదాపు పడవు. నలుపు, తెలుపు వదిలేసి, ఎన్నో అడుగులో 2 దాటిందో దాన్నిబట్టి రంగు వేయండి. అడుగులు ఎక్కువ పట్టిన పిక్సెళ్లే కొమ్మలను చూపిస్తాయి.